ఎక్కడా రాయని నంబరు

ఆస్లౌగ్ చేతిలోంచి ఫోను జారి సముద్రంలో పడ్డప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు. అంబులెన్సు పడవ వాళ్ళు ఆమె భర్త ఇంగ్వాల్‌ను స్ట్రెచర్‌కు కట్టి రేవు అంచు దాటిస్తున్నారు. ఆయన కుడి చెయ్యి దుప్పటి కిందనుంచి జారి వేలాడుతోంది. ఆ చేతిని లోపల పెట్టాలని ఆమె వంగింది. అప్పుడే ఆప్రాన్ జేబులోంచి ఫోను జారి, రాతి మీద ఒకసారి తగిలి, నీళ్ళలోకి పోయింది.

"పోతే పోనీలే అమ్మా, ఎక్కండి" అన్నాడు పడవ వాడు.

ఆమె ఎక్కింది.

పెంతెకోస్తు పండుగ మర్నాటి సోమవారం అది. దేశమంతా సెలవు. ఎండ కాస్తోందని ఇంగ్వాల్ పొద్దున్నే పడవను ఒడ్డుకి లాగి, అడుగున రంగు వేయడం మొదలుపెట్టాడు. ఎనభై దాటిన మనిషికి సెలవేమిటి, పనేమిటి అని ఆమె దెప్పింది. "రంగు ఆరాలంటే ఎండ కావాలే ముసలీ, పాస్టరుగారి సెలవు కాదు" అన్నాడు ఆయన. ఆమె కాఫీ పట్టుకొచ్చేసరికి పడవ పక్కన పడి ఉన్నాడు. కుంచె చేతిలోనే ఉంది. ముఖం ఒక పక్కకు జారిపోయి ఉంది. ఏదో చెప్పబోయాడు గాని అది మాట కాలేదు.

ఆసుపత్రి అవతలి తీరాన, ఊళ్ళో ఉంది. తల లోపల ఫోటో తీసి చూసిన డాక్టరు కుర్రది. ఆస్లౌగ్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా జరిగి చెప్పింది. రక్తం పలచబడటానికి ఆయన వేసుకునే మాత్రలు ఉన్నాయి కదా, వాటివల్ల మెదడులో చిట్లిన చోట రక్తం ఆగలేదు. చాలా నిండిపోయింది. కోసి తీయగలిగేది కాదు. పెద్దాసుపత్రి వాళ్ళతో కూడా మాట్లాడాను, వాళ్ళూ అదే అన్నారు.

"ఎంతసేపు?" అంది ఆస్లౌగ్.

"చెప్పలేనమ్మా. ఈ పగలు గడవచ్చు. గడవకపోవచ్చు. పిల్లలుంటే ఇప్పుడే పిలవండి."

డాక్టరు వెళ్ళాక నర్సు వచ్చింది. పేరు హెర్దిస్. యాభై ఏళ్ళ మనిషి, దిట్టంగా ఉంటుంది, ఉత్తరాది వాళ్ళ లాగే గొంతు కాస్త పెద్దది. ఇంగ్వాల్ తలకింద దిండు సర్ది, పెదాలు తడిపి, "ఏం పెద్దాయనా, సెలవునాడు పనిచేస్తే ఇదీ శాస్తి" అని ఆయనతోనే అంది. తర్వాత ఆస్లౌగ్ వైపు తిరిగింది.

"ఆయనతో మాట్లాడుతూ ఉండండి. కళ్ళు తెరవకపోయినా సరే. వినికిడి అన్నింటికన్నా చివర పోతుంది. నేను చాలామందిని చూశాను, అది నిజం."

గది వేడిగా ఉందని హెర్దిస్ కిటికీ గడియ మీద చెయ్యి వేసింది.

"వద్దు" అంది ఆస్లౌగ్ గభాలున. "అప్పుడే తెరవకండి."

హెర్దిస్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమెకు అర్థమైంది. ఆ తీరంలో మనిషి పోయిన గదిలోనే అలా కిటికీ బార్లా తెరుస్తారు, ప్రాణానికి దారి ఇవ్వాలని. పైగా ఈ ఆసుపత్రిలో మామూలు రోజుల్లో కిటికీ తెరవరు. గోడ అంచుల నిండా గల్ అనే సముద్రపు పక్షుల గూళ్ళే. వేసవి వచ్చిందంటే వాటి అరుపులకి పక్కనున్న మనిషి మాట వినపడదు.

"క్షమించండి. తెరవను" అంది హెర్దిస్. "పిల్లలున్నారా? నంబరు చెప్పండి, నేను చేస్తాను."

ఆస్లౌగ్ చెయ్యి ఆప్రాన్ ఖాళీ జేబులోకి పోయింది.

"కంప్యూటర్లో చూడొచ్చా? పేరేమిటి?"

"సిల్యె, మా అమ్మాయి. కానీ మీకు అందులో కనపడదు."

హెర్దిస్ వెళ్ళి చూసి, వేరే ముఖంతో తిరిగి వచ్చింది. తలుపు మెల్లగా చేరవేసింది.

"చిరునామా మూసేసి ఉంది" అంది.

"అవును."

"ఎవరి నుంచి?"

"మొగుడి నుంచి. ఒకప్పటి మొగుడు."

చిరునామా అలా మూసేసినవాళ్ళ పేరు పక్కన ఊరు ఉండదు, వీధి ఉండదు, నంబరు ఉండదు. ఫోను నంబర్లు చెప్పే విచారణ వాళ్ళకీ తెలియదు, ఆసుపత్రికీ తెలియదు. పోలీసులకు చెప్తే వాళ్ళు కబురు అందజేస్తారు. హెర్దిస్ అక్కడే నిలబడి పోలీసులకు ఫోను చేసింది. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. అందజేస్తామండీ, తప్పకుండా అందజేస్తాం, ఆ పని చూసే విభాగం వేరే ఊళ్ళో ఉంది, ఇవాళ సెలవు, ఎంతసేపట్లో అన్నది మాత్రం మాట ఇవ్వలేం అన్నాడు.

"మీకు తెలియదా అమ్మా నంబరు?" అంది హెర్దిస్ ఫోను పెట్టేసి.

"తెలుసు. నాకొక్కదానికే తెలుసు."

"ఇంట్లో ఎక్కడైనా రాసి పెట్టారా? పక్కింటివాళ్ళని పంపి..."

"రాయలేదు. రాయకూడదు."

సిల్యె మొదటిసారి పారిపోయినప్పుడు నంబరు రాసే ఉంచారు. రాసింది ఇంగ్వాలే. అంకెలు నాకు నిలవవే అంటూ ఒక చీటీ మీద రాసి, కాఫీ డబ్బాలున్న అల్మరా తలుపు లోపలివైపు అంటించాడు. సిల్యె మొగుడు ఒకరోజు తన డ్రిల్లింగ్ మిషను ఇక్కడ మరిచిపోయానని వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు. ఇంగ్వాల్ మిషను తేవడానికి పడవల షెడ్డుకి వెళ్ళాడు, ఆస్లౌగ్ మేడ మీద ఉంది. వంటింట్లో ఆ మనిషి ఒక్కడే కాసేపు ఉన్నాడు. ఆ రాత్రి నుంచి సిల్యె ఫోను మోగుతూనే ఉంది. ఒకసారి మెసేజి కూడా వచ్చింది, మీ నాన్న చావుబతుకుల్లో ఉన్నాడు, వెంటనే బయలుదేరు అని. ఆమె బిడ్డను ఎత్తుకుని బస్సు స్టాండు దాకా వచ్చి, ఎదురుగా ఆ మనిషి కారు చూసి, వెనక తలుపులోంచి పరిగెత్తింది.

తర్వాత మళ్ళీ ఊరు మారింది, నంబరు మారింది. ఈసారి ఇంగ్వాల్ తనకు చెప్పొద్దన్నాడు. "నా చేతికి రాసే జబ్బు ఉంది. నువ్వే పెట్టుకో బుర్రలో. ఆదివారం నువ్వు కలిపివ్వు, నేను మాట్లాడతా" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన చాలా రోజులు అల్మరా తలుపు తెరవలేదు. కాఫీ డబ్బా బల్ల మీదకి మారింది.

అందుకని ఆస్లౌగ్ బట్టీ పట్టింది. ఈ దేశంలో సెల్‌ఫోను నంబరుకి ఎనిమిది అంకెలు. మూడు చెప్పి ఊపిరి తీసుకుంటారు, రెండు చెప్పి ఊపిరి తీసుకుంటారు, మళ్ళీ మూడు. మొదటి మూడూ ఆమె పాలు మరిగేటప్పుడు అనుకునేది. మధ్య రెండూ అదృష్టం కొద్దీ వాళ్ళ పెళ్ళయిన సంవత్సరం. చివరి మూడూ మాత్రం దేనికీ తగులుకునేవి కావు. వాటిని ఆమె వేలికి నేర్పింది. మీటల పలక మీద ఒక మూల నుంచి మొదలుపెట్టాలి, నట్టనడిమికి రావాలి, మళ్ళీ అదే మూలకి పోవాలి. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక, నడవలో కోట్లు తగిలించే మేకుల పక్కన నిలబడి కలిపేది. మాట్లాడాక ఆ పిలుపు గుర్తు ఫోనులోంచి చెరిపేసేది. చెరపడం సిల్యే నేర్పింది. రెండేళ్ళుగా ఒక్క ఆదివారం తప్పలేదు. ఇంకా చెప్పాలంటే ఆ నంబరు పూర్తిగా ఎక్కడా రాయకూడదు, ఇక్కడ కూడా.

"సరే, రాయొద్దు" అంది హెర్దిస్. వార్డు ఫోను తెచ్చింది. తీగ లేనిది, అరచేతిలో పట్టేది. "మీరు చెప్పండి, నేను నొక్కుతా."

ఆస్లౌగ్ కళ్ళు మూసుకుంది. ఇంగ్వాల్ ఊపిరి గురకలా వస్తోంది, పోతోంది. మొదటి మూడూ చెప్పింది. పెళ్ళి సంవత్సరం చెప్పింది. అక్కడ ఆగిపోయింది.

"ఇంతవరకూ సరిగ్గా విన్నానా చూడండి" అని హెర్దిస్ తిరిగి చదివింది. పాత ఇళ్ళ ఫోన్లకి చెప్పినట్టు రెండేసి, రెండేసి చొప్పున చదివింది. మూడో అంకె నాలుగోదాంతో కలిసిపోయింది. పెళ్ళి సంవత్సరం రెండు ముక్కలైంది. ఆస్లౌగ్‌కి ఆ నంబరు ఎవరిదో పరాయి వాళ్ళ నంబరులా వినపడింది.

"అలా చెప్పకండి! అలా చెప్తే పోతుంది."

"ఏం పోతుంది?"

"నంబరు పోతుంది. మూడు, రెండు, మూడు. మీరు దాన్ని చేపని కోసినట్టు అడ్డంగా కోశారు."

"అయ్యో, నా నోరు పడ" అంది హెర్దిస్. "మా అమ్మ అలాగే చెప్పేది, అలవాటు. మళ్ళీ మొదలుపెట్టండి, నేను నోరెత్తను."

ఆస్లౌగ్ మళ్ళీ చెప్పబోయింది. మొదటి మూడూ వచ్చాయి. తర్వాతి చోట ఏమీ లేదు, మంచులో తుడిచేసినట్టు ఉంది. పెళ్ళి ఏ ఏడు జరిగిందో మనసులో వెతుక్కుంది. తన పెళ్ళి సంవత్సరం తనకే వెంటనే తట్టలేదు.

"ఆ ఫోను ఇలా ఇవ్వండి" అంది చివరికి. "నోటికి రాదు. వేలికి వస్తుందేమో."

హెర్దిస్ సున్నా నొక్కి ఇచ్చింది. ఆసుపత్రి నుంచి బయటికి పోవాలంటే ముందు సున్నా నొక్కాలట. ఆస్లౌగ్ లేచి నిలబడింది. కూర్చుని ఎప్పుడూ కలపలేదు. గోడకి కొక్కెం మీద ఇంగ్వాల్ రంగు మరకల చొక్కా తగిలించి ఉంది. దాని పక్కకి వెళ్ళి నిలబడి, ఫోను ఎడం చేత్తో పట్టుకుని, ఆలోచించకుండా కుడి చూపుడు వేలితో నొక్కింది. మూడు. రెండు. మూల, నడిమి, అదే మూల.

అవతల మోగింది. మోగుతూనే ఉంది. చివరికి ఒక మరగొంతు, మీరు పిలిచినవారు సమాధానం ఇవ్వడం లేదు అంది.

పేరు చెప్పలేదు. సిల్యె తన గొంతు కూడా అందులో పెట్టుకోదు. అది ఎవరి ఫోనైనా కావచ్చు.

"మళ్ళీ చెయ్యండి" అంది హెర్దిస్.

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే.

"ఎప్పుడూ ఎత్తుతుందా?"

"రెండో మోతకే ఎత్తుతుంది. ఎప్పుడూ." ఆస్లౌగ్ ఫోనుకేసి చూసింది. "తప్పు నొక్కాను. ఇది కాదు."

"నా సెల్లు నుంచి మెసేజి పంపుదామా? మీ నాన్నగారికి బాగాలేదు, ఈ నంబరుకి చెయ్యమని?"

"నాన్న చావుబతుకుల్లో ఉన్నాడు, రా అని వాడు ఒకసారి పంపాడు" అంది ఆస్లౌగ్. "అది చూస్తే ఫోను పారేసి ఇంకో ఊరు పారిపోతుంది."

హెర్దిస్ మెల్లగా తల ఊపింది. పక్క గదిలో గంట మోగితే, "ఇప్పుడే వస్తా, ఫోను మీ దగ్గరే ఉంచండి" అని వెళ్ళింది.

ఆస్లౌగ్ మంచం పక్కన కూర్చుంది. ఎడం చెయ్యి ఇంగ్వాల్ చేతిమీద వేసింది. ఆయన గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు ఎండిపోయి ఉంది.

"ఏమయ్యా" అంది. "అంకెలు నీకు నిలవవని అనేవాడివి గాని, ఇప్పుడు చూడు, నాకూ నిలవడం లేదు. నువ్వు కాస్త ఆగు. అమ్మాయిని పట్టుకుంటాను. ఆగుతావా?"

ఆయన ఊపిరి ఆగింది. మళ్ళీ పెద్దగా ఒక ఊపిరి వచ్చింది.

అప్పుడు ఆమె ఆలోచించడం మొదలుపెట్టింది. అదే పొరపాటు అయింది. వేలు ఎరిగినదాన్ని బుర్రతో తవ్వితే చిక్కు పడుతుంది. మూల, నడిమి, అదే మూల. నిజంగా అదే మూలేనా? ఎదుటి మూల కాదూ? మూల నుంచి నడిమికి, నడిమి నుంచి ఎదుటి మూలకి, వాలుగా ఒకే గీత. అలా నొక్కిన గుర్తు వేలికి బాగా ఉంది. అది అల్మరా తలుపు మీద అంటించిన పాత నంబరు తోక. కానీ ఆమెకు ఆ సంగతి ఆ క్షణాన తోచలేదు. కొత్తదీ పాతదీ ఒకే గూట్లో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. పాతది పైకి లేచింది.

ఎదుటి మూల నొక్కింది.

"హలో" అన్నాడు ఎవరో ముసలాయన, దక్షిణాది యాసలో.

"సిల్యె ఉందా?"

"సిల్యెనా? ఇక్కడ నేనూ, ఒక పిల్లీ ఉన్నాం. పిల్లి పేరు అది కాదు. ఎవరు కావాలమ్మా?"

"క్షమించండి. తప్పు నంబరు."

"తప్పేముంది, సెలవునాడు నాకు ఫోను చేసినవాళ్ళు మీరొక్కరే" అన్నాడాయన. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆమె పెట్టేసింది. పెట్టేశాక ఆయన మీద జాలి వేసింది.

నడిమి అంకె మార్చి చూసింది. ఆ నంబరు వాడుకలో లేదంది మరగొంతు. పెళ్ళి సంవత్సరం ఒకటి అటు జరిపి చూసింది. ఎవరో పిల్లలు ఎత్తి కిచకిచ నవ్వి పెట్టేశారు. ఒక్కొక్కసారి ముందు సున్నా నొక్కడం మరిచిపోయేది, అప్పుడు ఆసుపత్రి వంటగదివాళ్ళో, ల్యాబు వాళ్ళో పలికేవాళ్ళు. నొక్కిన ప్రతి తప్పు నంబరూ అసలు నంబరు మీద ఇంకొక మట్టిపొరలా పడుతోందని ఆమెకి తెలుస్తోంది. ఇందాక మొదట ఏది నొక్కిందో ఇప్పుడు అది కూడా సరిగ్గా గుర్తులేదు. అయినా వేలు ఆపలేకపోయింది. ఆపితే చేతులు ముడుచుకుని కూర్చున్నట్టే కదా.

హెర్దిస్ ఒకసారి వచ్చి కాఫీ పెట్టి, ఇంగ్వాల్ ముఖం పరీక్షగా చూసింది.

"ఆస్లౌగమ్మా, ఫోను కాసేపు పక్కన పెట్టండి. ఆయన్ని చూసుకోండి."

"ఒక్కసారి. ఇంకొక్కసారి. ఈసారి వస్తుంది."

"ఊపిరి మారింది. వింటున్నారా?"

"వింటున్నాను" అంది ఆస్లౌగ్. విన్నది నిజమే. కానీ ఆమె చూపు మీటల మీద ఉంది. మూల, నడిమి... ఎడం చెయ్యి ఆయన చేతి మీదే ఉంది, కుడి వేలు గాలిలో తచ్చాడుతోంది. మూల, నడిమి...

గదిలో గురక లేదని ఆమె కాస్త ఆలస్యంగా గమనించింది. ఇందాకటిలాగే మళ్ళీ పెద్ద ఊపిరి వస్తుందని ఎదురుచూసింది. రాలేదు.

హెర్దిస్ వంగి, ఆయన మెడ మీద రెండు వేళ్ళు పెట్టి, చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఆస్లౌగ్ భుజం మీద చెయ్యి వేసింది. డాక్టరు వచ్చి, గుండె మీద గొట్టం పెట్టి విని, తల వంచి, వెళ్ళింది. హెర్దిస్ ఇంగ్వాల్ జుట్టు దువ్వింది. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి చిన్న దీపం వెలిగించింది. ఆ తర్వాత ఆస్లౌగ్ ముఖంలోకి చూసింది, అడిగినట్టు.

"తెరవండి" అంది ఆస్లౌగ్.

కిటికీ తెరుచుకుంది. ఉప్పు గాలి వచ్చింది. దాంతోపాటు గల్ పక్షుల గోల గది నిండా పడింది.

"నేను చూడలేదు" అంది ఆస్లౌగ్. "పక్కనే ఉన్నాను. ఫోనుకేసి చూస్తున్నాను."

"మీ చెయ్యి ఆయన మీదే ఉందమ్మా. నేను చూశాను."

"అమ్మాయి రాలేదు సరే, నేనైనా చూడలేదు."

హెర్దిస్ తలుపు సగం తెరిచి ఉంచి, బయట నడవలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆస్లౌగ్ వార్డు ఫోను దుప్పటి మీద పెట్టి, రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది. వేళ్ళింకా వెచ్చగానే ఉన్నాయి. గోటితో ఎర్ర రంగు గీకింది. రాలేదు.

నడవలో నర్సుల బల్ల మీద వేరే ఫోను మోగింది. రెండు మోతలు మోగి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మోగింది.

"ఈ మనిషి ఫోను చెయ్యాలా వద్దా అని పంచాయితీ పెట్టుకున్నాడా?" అని హెర్దిస్ విసుక్కుంటూ లేవడం వినపడింది.

ఆస్లౌగ్ చెయ్యి ఆగిపోయింది.

ఇంగ్వాల్ తలుపు తట్టే పద్ధతి అది. పడవల షెడ్డులో ఉన్నా, ఇంటి వాకిట్లో ఉన్నా రెండుసార్లు తడతాడు. ఆగుతాడు. మళ్ళీ తడతాడు. దొంగ ఒక్కసారే తడతాడు, చుట్టం ఆగకుండా తడతాడు, నేను మాత్రం ఇలా తడతాను అనేవాడు. సిల్యె చిన్నప్పుడు ఆ తట్టు వినగానే పరిగెత్తేది.

రెండేళ్ళ కిందట ఊరు మారేముందు సిల్యె వంటింట్లో నిలబడి ఒక్కసారే చెప్పింది. కోటు వేసుకుంటూ, కూతురు తీరిల్‌కి బూట్లు కడుతూ చెప్పింది. "అమ్మా, నీ ఫోను నంబరైతే నేను గుర్తుపడతాను. వేరే నంబరు నుంచి వస్తే ఎత్తను, ఎవరైనా సరే. నువ్వు ఎప్పుడైనా ఇంకొకళ్ళ ఫోను నుంచి చెయ్యాల్సి వస్తే నాన్న తలుపు తట్టినట్టు చెయ్యి. రెండు మోతలు, పెట్టెయ్యి. మళ్ళీ చెయ్యి. అప్పుడు నువ్వేనని తెలుస్తుంది."

ఆస్లౌగ్ సరేనంది. ఆ తర్వాత ఎప్పుడూ ఇంకొకళ్ళ ఫోను అవసరం రాలేదు. నంబరు ప్రతి ఆదివారం వేలికి ఎక్కింది. ఈ మాట ఒక్కసారి చెవిన పడి, అక్కడే ఉండిపోయింది.

అంటే నంబరు తప్పు కాదు. మొట్టమొదట నొక్కినదే, అదే మూలకి తిరిగి వచ్చినదే సరైనది. ఎక్కడో ఒక ఊళ్ళో సిల్యె తెలియని నంబరు చూస్తూ, ఊపిరి బిగపట్టి, అది ఆగేదాకా నిలబడి ఉంటుంది. అప్పటికి ఇంగ్వాల్ ఇంకా వింటూనే ఉన్నాడు.

ఆమె లేచింది. చొక్కా పక్కకి వెళ్ళి నిలబడింది. సున్నా నొక్కింది. ఇప్పుడు బుర్రలో ఏమీ లేదు, అందుకే వేలు తడబడలేదు. రెండు మోతలు విని పెట్టేసింది. మళ్ళీ నొక్కింది.

మొదటి మోత పూర్తి కాలేదు.

"అమ్మా?"

ఆస్లౌగ్ ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది.

"అమ్మా, ఇందాక చేసింది కూడా నువ్వేనా? ఏమైంది? నాన్నకా?"

"ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నాం. పొద్దున పడవ దగ్గర పడిపోయాడు. తలలో రక్తం..." ఆమె ఆగింది. తర్వాతి మాట నాలుక మీద ఉంది. దాన్ని బయటికి తోయలేకపోయింది.

"స్పృహ ఉందా?"

"కళ్ళు తెరవలేదు. వినికిడి చివర పోతుందట. నర్సు చెప్పింది."

"అయితే ఫోను ఆయన చెవి దగ్గర పెట్టు. ఇప్పుడే పెట్టమ్మా. తీరిల్, ఇలా రా, తాతయ్యతో మాట్లాడుదువుగాని, పరిగెత్తు!"

ఆస్లౌగ్ మంచం దగ్గరికి నడిచింది. గుమ్మంలో హెర్దిస్ నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆస్లౌగ్ వంగి ఇంగ్వాల్ చెవి పైనున్న జుట్టు పక్కకి తోసి, ఫోను అక్కడ ఆనించి పట్టుకుంది.

లోపలినుంచి సిల్యె గొంతు సన్నగా వస్తోంది. మాటలు తెలియడం లేదు, జోల పాడేటప్పటి లాంటి సవ్వడి ఒకటి తెలుస్తోంది. ఒకచోట అల్మరా అన్న మాట ఆస్లౌగ్‌కి వినపడింది, నీ తప్పు కాదు నాన్నా అన్నది వినపడింది. తర్వాత తీరిల్ గొంతు. బడిలో నేర్చుకున్న చేప బొమ్మ గురించో, రాలిన పన్ను గురించో గబగబా చెప్తోంది. పిల్లదానికి ఆరేళ్ళు. రెండేళ్ళుగా తాతయ్యను ఫోనులోనే ఎరుగును.

గల్ పక్షి ఒకటి కిటికీ చెక్క మీద వాలి, గట్టిగా అరిచి, లేచిపోయింది.

ఫోనులో గొంతు ఆగింది. ఆస్లౌగ్ దాన్ని తన చెవికి తెచ్చుకుంది.

"అమ్మా" అంది సిల్యె. గొంతు వేరేగా ఉంది. "పక్షులు అరుస్తున్నాయి."

"అవును."

"అంత దగ్గరగా వినపడుతున్నాయి."

"అవునమ్మా."

సిల్యె ఆ ఊళ్ళోనే పుట్టింది. ఆ ఆసుపత్రిలో అమ్మమ్మ పోయినప్పుడు మంచం పక్కన ఉంది.

"కిటికీ తెరిచారా?"

ఆస్లౌగ్ అబద్ధం ఆడాలనుకోలేదు. అసలు ఏమీ అనుకోలేదు.

"తెరిచారు" అంది. "కాస్త ముందే. నంబరు నాకు గుర్తుంది సిల్యె. మొదటిసారే సరిగ్గా నొక్కాను. నాన్న తట్టినట్టు చెయ్యడమే మరిచిపోయాను."

అవతల తీరిల్ సిల్యెను అడుగుతోంది, అమ్మా ఏమైంది, తాతయ్య వినలేదా అని.

"నేను ఎత్తి ఉండాల్సింది" అంది సిల్యె. "చేతిలోనే ఉంది. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను."

"ఎత్తకూడదని మనమే అనుకున్నాం కదా."

"అనుకున్నాం." ముక్కు చీదిన చప్పుడు. "అమ్మా, నేను చెప్పేది ఇంకా అవలేదు. సగంలో ఆపాను. మళ్ళీ పెట్టు."

"ఎక్కడ?"

"ఆయన చెవి దగ్గర. కిటికీ మూయనివ్వకు. అలాగే ఉండనీ."

ఆస్లౌగ్ మంచం అంచున కూర్చుంది. ఫోనును మళ్ళీ ఇంగ్వాల్ చెవికి ఆనించింది. ఈసారి ఆమె చూపు ఎక్కడికీ పోలేదు, ఆయన ముఖం మీదే ఉంచింది.